పూర్తి స్క్రిప్టా, చీటీలా?

హనుమకొండలో మా కళాశాల వార్షికోత్సవానికి రెండేళ్లు వ్యాఖ్యానం చేశాను. మొదటి ఏడు ప్రతి వాక్యమూ రాసుకున్నాను. రెండో ఏడు అంశానికో చీటీ.

అతిథుల పరిచయానికి పూర్తిగా రాసుకోవడమే మేలు. హోదా తప్పు చదివితే సర్దుకోవడం కష్టం.

అంశాల మధ్య మాత్రం ఆ కాగితమే ముంచింది. పేరిణి నృత్యం తర్వాత జానపద గీతం. రాసుకున్న రెండు వాక్యాలు పది సెకన్లలో అయిపోయాయి. వేదిక మీద ఇంకా మైకులే అమర్చలేదు. నేను కాగితం వంక, సభంతా నా వంక!

మరుసటి ఏడాదీ అదే వరుస. చీటీ మీద ఇంతే: "రామప్ప శిల్పాలు, కాకతీయ యోధులు, మృదంగం నుంచి డప్పుకు." దీన్ని అర నిమిషంలో ముగించవచ్చు, రెండు నిమిషాలు సాగదీయవచ్చు. "రామప్ప రాతిలో నిలిచిపోయిన అడుగులు ఇప్పుడే మన వేదిక మీద కదిలాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది..." అంటూ ఓ కంటితో తెర పక్కకు చూస్తుండాలి. అక్కడి నుంచి చేయి ఊపగానే చివరి వాక్యం: "మృదంగం విన్నాం, ఇక డప్పు విందాం!" ఆ వాక్యమూ, పాడేవారి పేర్లూ మాత్రం చీటీ వెనుక పూర్తిగా రాసుకున్నాను. పేర్ల దగ్గర జ్ఞాపకాన్ని నేను నమ్మను.