“ఆపు” అనాలా, చూడనట్టుండాలా, శిక్షణ ఇప్పించాలా? పిల్లల టిక్స్‌కు ఏది మేలు?

క్లాసులో డిక్టేషన్ నడుస్తోంది. తొమ్మిదేళ్ళ బాబు రాస్తూ రాస్తూ మెడను ఒక్కసారి కుడివైపుకు విదిలించాడు, వెంటనే గొంతులో “క్హం” అని చప్పుడు చేశాడు. అర నిమిషానికి మళ్ళీ అదే. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. “ఇక ఆపుతావా?” అన్నారు టీచర్. బాబు నిజంగానే ఆపాడు. ఐదు నిమిషాలపాటు చప్పుడు లేదు, విదిలింపూ లేదు. నోట్‌బుక్ తిరగేస్తే మాత్రం ఆ ఐదు నిమిషాల్లో చెప్పిన పదాల్లో సగం రాయలేదు.

పెద్దవాళ్ళు పొరబడేది సరిగ్గా ఇక్కడే. “ఆపగలిగాడంటే కావాలనే చేస్తున్నాడన్నమాట” అనుకుంటారు. ఆపగలగడమూ నిజమే, కావాలని చేయకపోవడమూ నిజమే. తుమ్మును కాసేపు ఆపుకోగలం కదా, అలాగే.

కావాలని చేయకపోయినా ఉన్నట్టుండి పదేపదే వచ్చే ఇలాంటి కదలికలను, చప్పుళ్ళను టిక్స్ అంటారు. ఇవి సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. ముందు కళ్ళార్పడం, ముక్కు చిట్లించడం లాంటివి వస్తాయి. 10–12 ఏళ్ళప్పుడు బాగా ముదిరి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడతాయి. ఒక నెల ఉధృతంగా ఉండి మరో నెల దాదాపు కనిపించకుండా పోవడం వీటి స్వభావం. కదలికల టిక్స్ ఒకటికి మించి ఉండి, శబ్దం టిక్ కనీసం ఒకటి ఉండి, అన్నీ ఒకేసారి కాకపోయినా, మొదలై ఏడాది దాటితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. పేరు వినగానే సినిమాల్లో చూపించే బూతులు గుర్తొస్తాయిగానీ, ఆ లక్షణం ఉండేది కొద్దిమందిలోనే.

ఏది మేలో తేల్చాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. మెదడు లోతులో బేసల్ గాంగ్లియా అనే కేంద్రాల గుంపు ఉంది. అందులోంచి బయటికి సంకేతాలు పంపే భాగం, అంటే గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం, సంకేతాలను పైకి చేరవేసే థాలమస్ అనే కేంద్రం మీద ఎప్పుడూ బ్రేకు వేసి ఉంచుతుంది. మనకు ఒక కదలిక కావాల్సినప్పుడు స్ట్రయేటమ్ అనే ప్రవేశద్వారంలో కొన్ని కణాలు చురుకై, ఆ కదలికకు సంబంధించిన బ్రేకును మాత్రం వదులుతాయి. థాలమస్ నుంచి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు సంకేతం వెళ్తుంది, కండరం కదులుతుంది. టిక్స్ ఉన్న పిల్లల్లో స్ట్రయేటమ్‌లోని ఒక చిన్న గుంపు కణాలు ఎవరూ అడక్కుండానే చెలరేగుతాయని, అప్పుడు అక్కడి బ్రేకు జారిపోతుందని ఇప్పటి అవగాహన. కోతుల మీద చేసిన ప్రయోగాలు దీన్ని బలపరుస్తున్నాయి. స్ట్రయేటమ్‌లో భాగమైన పుటామెన్‌లో ఒక చిన్న చోట, కణాలను అదుపులో పెట్టే గాబా సంకేతాన్ని బైక్యుకులిన్ అనే మందుతో అడ్డుకుంటే, ఆ చోటు ఏ శరీరభాగానికి సంబంధించిందో ఆ భాగంలోనే టిక్ లాంటి కదలికలు వచ్చాయి. బాబు ప్రతిసారీ అదే మెడను, అదే వైపుకు విదిలించడం ఎందుకో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇందులో రెండో ముక్క కూడా ఉంది. కొంచెం పెద్ద పిల్లలు టిక్‌కు ముందు మెడలో బిగువు, గొంతులో గరగర లాంటిది ఏదో వస్తుందని చెబుతారు. విదిలిస్తే అది క్షణం పాటు తగ్గుతుంది. ఏ పని తర్వాత ఉపశమనం దొరికిందో ఆ పనిని అలవాటుగా మార్చడం స్ట్రయేటమ్‌కు, అక్కడ పనిచేసే డోపమైన్ అనే మెదడు రసాయనానికి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని ప్రతి ఉపశమనమూ ఆ టిక్‌ను ఇంకాస్త గట్టిపరుస్తుంది.

ఇప్పుడు మొదటి దారి, “ఆపు” అనడం. ఇందులో బలవంతంగా అణచిపెట్టే బాధ్యత ముందుభాగపు కార్టెక్స్ మీద పడుతుంది. విని గుర్తుంచుకుని రాయడానికి కావాల్సిన శ్రద్ధ కూడా అక్కడి నుంచే రావాలి. టిక్స్ అణచుకుంటూ శ్రద్ధ పరీక్ష రాసిన పిల్లల ఫలితాలు తగ్గాయని చిన్న ప్రయోగాల్లో తేలింది. నోట్‌బుక్‌లో సగం పదాలు ఎగిరిపోవడానికి కారణం అదే. పైగా టిక్స్ గురించి మాట్లాడటమే చాలామంది పిల్లల్లో టిక్స్‌ను రేపుతుంది. ఆ చప్పుడును పేరెత్తి ఎత్తిచూపడమంటే దాన్ని పిలవడమే. అరగంట బిగబట్టుకున్న పిల్లాడు ఇంటికి రాగానే ఎక్కువ టిక్స్ చేయడం తల్లిదండ్రులు తరచూ చూసేదే. అణచితే తర్వాత రెట్టింపై తన్నుకొస్తాయన్న మాటను మాత్రం ప్రయోగాలు సమర్థించలేదు. ఇంట్లో ఎక్కువ కనిపించడానికి అలసట, పట్టు సడలడం, అక్కడ ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం కారణాలు కావచ్చు. ఎలా చూసినా “ఆపు”కు ఈ పోలికలో మార్కులు పడవు.

రెండోది, చూసీ చూడనట్టుండటం. చాలామంది దీన్ని ఏమీ చేయకపోవడం అనుకుంటారుగానీ, సరిగా చేయాలంటే చాలా పనుంది. డిక్టేషన్ బాబు సంగతే తీసుకుందాం. వారం రోజులు గమనిస్తే చప్పుడు లెక్కల పీరియడ్‌లోనే ఎక్కువ వస్తోందని తేలింది. టీచర్ జాలిపడి “బయటికెళ్ళి నీళ్ళు తాగి రా” అంటున్నారు. వెళ్ళినప్పుడల్లా పది నిమిషాల లెక్కలు తప్పుతున్నాయి. బాబు నటించడం లేదు. చప్పుడు చేస్తే కష్టమైన పని తప్పుతోందని అతనికన్నా ముందే బేసల్ గాంగ్లియా పసిగట్టింది, అంతే. ఇంట్లోనూ అదే తంతు. భుజం నిమిరి హోమ్‌వర్క్ పక్కన పెట్టించే అమ్మ ప్రేమ కూడా అదే ఉపశమనాన్ని ఇస్తుంది. తిట్టు ఎలా పనికిరాదో, టిక్‌ను చూసి ఇచ్చే మినహాయింపూ అలాగే పనికిరాదు.

మార్చాల్సింది ఏమిటంటే, విరామం ఇవ్వాలిగానీ దాన్ని టిక్‌తో ముడిపెట్టకూడదు. లెక్కల పీరియడ్ మధ్యలో ఐదు నిమిషాలు టీచర్‌కు కాగితాలు అందించే పనో, బోర్డు తుడిచే పనో టైము ప్రకారం ఇస్తారు, ఆ రోజు చప్పుళ్ళు వచ్చినా రాకపోయినా. తిరిగొచ్చాక వదిలిన లెక్కనే మొదలుపెట్టాలి. మొదటి బెంచీలో కూర్చోబెడితే వెనక ముప్పై జతల కళ్ళు అతని మెడ మీదే ఉంటాయి. కాబట్టి పక్కవైపు, వెనకగా, తలుపు దగ్గర చోటు మేలు. పరీక్షలప్పుడు వేరే గది, కొంత అదనపు సమయం ఇస్తే అణచుకునే భారం తగ్గుతుంది. తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది బాబు నిర్ణయం. సరేనంటే రెండు వాక్యాలు చాలు: “అతని మెదడు కొన్నిసార్లు అడక్కుండా కదలికలు పంపుతుంది. అంటుకునేది కాదు, మనం పట్టించుకోకపోతే అతనికి సులువు.” నవ్విన పిల్లాడితో విడిగా మాట్లాడాలి, అందరి ముందూ కాదు.

చాలామంది పిల్లలకు ఈ రెండో దారి చాలు. టిక్స్ వాటంతట అవి ఎక్కువై తక్కువయ్యేవి కాబట్టి, ఉధృతంగా ఉన్న వారంలో ఏం చేసినా తర్వాత తగ్గినట్టే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. నానా వైద్యాలకూ మంచి పేరు వచ్చేది అలాగే.

అది చాలనప్పుడు మూడోది, టిక్స్‌కు ప్రవర్తనా శిక్షణ. విదిలింపుతో మెడ నొప్పి పుడుతున్నప్పుడు, చప్పుడు వల్ల పాఠం సాగనప్పుడు, పిల్లాడే దీంతో విసిగి సాయం అడిగినప్పుడు దీన్ని మొదలుపెట్టాలి. 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 126 మందితో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. పది వారాల్లో ఎనిమిది సెషన్ల తర్వాత, శిక్షణ పొందినవాళ్ళలో సగం మందికి పైగా మెరుగయ్యారు. అంతే సమయం మాటసాయం, సమాచారం మాత్రమే అందినవాళ్ళలో మెరుగైనవాళ్ళు ఐదో వంతుకన్నా తక్కువ. టిక్స్ పూర్తిగా పోతాయని కాదు, తగ్గుతాయి.

“ఆపు”కూ దీనికీ తేడా ఎక్కడుందంటే, ఇక్కడ పిల్లాడు ఖాళీగా బిగబట్టుకుని కూర్చోడు. బాబును ఎక్కువ బాధపెట్టేది మెడ కాబట్టి దాంతో మొదలుపెడతారు. ఒకసారికి ఒకటే టిక్. ముందు అతను దాన్ని వర్ణించడం నేర్చుకుంటాడు: మొదట మెడ కుడి పక్కన బిగువు, తర్వాత గడ్డం కాస్త లేవడం, ఆపైన విదిలింపు. ఆ మొదటి బిగువును పట్టుకున్న క్షణంలోనే గడ్డం కొంచెం కిందికి దించి, చూపు ఎదురుగా పెట్టి, మెడ కండరాలను మెల్లగా బిగించి ఉంచుతాడు. ఒక నిమిషం, లేదా బిగువు తగ్గేదాకా, రెంటిలో ఏది ఎక్కువైతే అది. గొంతు చప్పుడు వంతు వచ్చినప్పుడు నోరు మూసి ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలడం నేర్పుతారు. ఎంచుకున్న కదలిక టిక్‌తో కలిసి జరగలేనిదై ఉండాలి, రాస్తూ వింటూ కూడా చేయగలిగేదై ఉండాలి, పక్కవాళ్ళకు కనపడకూడదు. విదిలించకుండానే బిగువు తగ్గడాన్ని మెదడు పదేపదే చవిచూస్తే, ఉపశమనంతో గట్టిపడిన ఆ ముడి నెమ్మదిగా సడలుతుంది.

ఇది చెడేది ఎక్కువగా ఇంట్లోనే. తల్లిదండ్రులు “బిగించు, బిగించు” అంటూ కాపలా పోలీసులైపోతారు, శిక్షణ కాస్తా మళ్ళీ “ఆపు”గా మారిపోతుంది. రోజుకు ఒక సమయం, ఇరవై ముప్పై నిమిషాలు, బాబుతో ముందే ఒప్పుకున్నప్పుడే గుర్తుచేయాలి. మెచ్చుకోవాల్సింది కదలికను వాడినందుకు, టిక్ రానందుకు కాదు. టిక్ రాని రోజుకు బహుమతి పెడితే, వచ్చిన రోజు శిక్షే అవుతుంది. ముందస్తు బిగువును గుర్తుపట్టలేని ఆరేడేళ్ళ పిల్లలకు ఇది అంత సులువుగా పట్టుబడదు, వాళ్ళకు రెండో దారే నయం.

మందులు చివర్లో వస్తాయి. టిక్స్‌తో నొప్పి, గాయం ఉంటేనో, శిక్షణ అందకపోయినా ఫలించకపోయినానో డాక్టర్ వీటిని ఆలోచిస్తారు. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ మత్తు తెస్తాయి, బీపీ తగ్గిస్తాయి. బాగుంది కదా అని ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగబాకుతుంది. డోపమైన్‌ను అడ్డుకునే అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటివి టిక్స్‌ను ఇంకా బాగా తగ్గించవచ్చుగానీ బరువు పెంచుతాయి. ఏకాగ్రత లోపం కూడా ఉన్న పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే టిక్స్ ముదురుతాయన్న భయం చాలాకాలం ఉండేది. 2002లో వచ్చిన ఒక పెద్ద పరీక్ష ఆ భయాన్ని చాలావరకు పోగొట్టింది. నిజానికి చాలామంది పిల్లల చదువును ఎక్కువగా దెబ్బతీసేది టిక్స్ కాదు, వాటితోపాటు ఉండే ఏకాగ్రత లోపమో, ఆందోళనో, చేసిందే చేయాలనిపించే ఓసీడీయో. వైద్యం ముందు దానికి మొదలుపెడితే మేలు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు టిక్స్ తరచూ మాయమైపోతాయి. ఇంట్లో పిల్లాడు ఆటలో ఉన్నప్పుడు, మీరేం తీస్తున్నారో అతనికి తెలిసే, ఫోన్‌తో ముప్పై సెకన్ల వీడియో తీసి ఉంచండి. కదలిక వచ్చినప్పుడు పిలిస్తే పలకకపోవడం, చూపు శూన్యమైపోవడం, రాత్రికి రాత్రే మొత్తం మొదలవడం, నడక, మాట మారిపోవడం లాంటివి కనిపిస్తే అది మామూలు టిక్ కాకపోవచ్చు. అలాంటప్పుడు వీడియోతో పాటు ఎప్పుడు మొదలైందో తేదీ రాసుకుని, ఆలస్యం చేయకుండా వెళ్ళాలి.