కాంటాక్ట్స్ క్లీన్ చేసే పెయిడ్ యాప్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

డూప్లికేట్ కాంటాక్ట్స్ అన్నీ ఒక్క ట్యాప్‌తో కలిపేస్తాం అని యాడ్స్ వస్తున్నాయి కదా, అలాంటి యాప్ ఒకటి డబ్బులు కట్టి తీసుకున్నా. పేరు చెప్పను, కానీ ఇలాంటిది కొనేముందు ఏం చూసుకోవాలో చెప్తా. స్కాన్ ఫ్రీనే, ఇన్ని వందల డూప్లికేట్స్ ఉన్నాయని ఎర్ర అక్షరాల్లో భయపెడుతుంది, తీరా మెర్జ్ నొక్కాక సబ్‌స్క్రిప్షన్ పేజీ తెరుస్తుంది. డబ్బులు పోతే పోయాయి, అసలు గోల తర్వాత మొదలైంది.

అది పేరు మాత్రమే చూసి కలిపేస్తోందండీ. మా లిస్టులో ఇద్దరు శ్రీనివాస్‌లు, ఒకాయన ప్లంబర్, ఇంకొకాయన నాన్నగారి ఫ్రెండ్, రిటైర్డ్ హెడ్మాస్టర్. ఇద్దర్నీ ఒకే కార్డులో రెండు నంబర్లుగా పడేసింది. మా ఆవిడ "ట్యాంకు కారుతోంది, సాయంత్రంలోపు వచ్చి చూడు" అని మెసేజ్ పెడితే అది ఆ పెద్దాయనకి వెళ్లింది. పాపం ఆయన ఫోన్ చేసి "నేను రావాలామ్మా?" అని అడిగారు.

మరి నిజంగా కలపాల్సినవి కలిపిందా అంటే అదీ లేదు. మా పిన్ని నంబర్ పాత సిమ్ నుంచి వచ్చిన కార్డులో "పద్మ పిన్ని" అని ముందు సున్నాతో ఉంది, ఇంకో కార్డులో "Padma Guntur" అని +91తో ఉంది. చివరి పది అంకెలు ఒకటే, చూడగానే ఎవరికైనా తెలుస్తుంది, యాప్‌కి మాత్రం వేరే మనుషులు. అంటే మన దగ్గర డూప్లికేట్స్ ఎక్కువగా ఎలా పుడతాయో దానికి తెలీదన్నమాట.

ఇంకో ఘోరం, కలిపేటప్పుడు ఏది ఉంచుతోందో మనల్ని అడగదు. మా డాక్టర్‌గారికి రెండు కార్డులుంటే సిమ్‌లోంచి వచ్చినదాన్ని ఉంచింది. సిమ్ కార్డులో ఉండేది పేరూ నంబరే. రెండోదాంట్లో క్లినిక్ అడ్రస్, ఈమెయిల్, నోట్స్‌లో అమ్మ ఫైల్ నంబర్ ఉన్నాయి, అన్నీ పోయాయి. పైగా సింక్ ఆన్‌లో ఉంది కాబట్టి ఇంట్లో అదే అకౌంట్ ఉన్న ట్యాబ్‌లో కూడా నిమిషాల్లో మారిపోయింది.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు కంగారుపడి ఒక్కో నంబర్ సరిచేసుకుంటూ కూర్చోకండి. కాంటాక్ట్స్ గూగుల్ అకౌంట్‌లో సేవ్ అయ్యుంటే కంప్యూటర్‌లో contacts.google.com తెరిచి, పైన సెట్టింగ్స్ గుర్తు నొక్కితే Undo changes అని ఉంటుంది. 30 రోజుల వెనక్కి వరకూ లిస్టు మొత్తాన్ని పాత స్థితికి తీసుకెళ్లొచ్చు. మొత్తాన్ని అన్నాను గమనించండి, మెర్జ్ తర్వాత కొత్తగా ఎక్కించుకున్న నంబర్లు కూడా పోతాయి, అందుకే ముందు Export నొక్కి ఇప్పుడున్న లిస్టుని ఒక ఫైల్‌గా దాచుకోండి. సిమ్‌లోనో ఫోన్ మెమరీలోనో మాత్రమే ఉన్నవాటికి ఈ అన్‌డూ పనిచేయదు.

అసలు ఈ పనికి డబ్బులే అక్కర్లేదు. అదే పేజీలో Merge & fix ఉంది, ఐఫోన్ వాళ్లకైతే iOS 16 నుంచి కాంటాక్ట్స్ యాప్‌లోనే డూప్లికేట్స్ చూపిస్తుంది. అక్కడ కూడా అన్నీ కలిపెయ్ అనే బటన్ జోలికి వెళ్లకండి, ఒక్కో జత చూసి నొక్కండి. నేను పెట్టుకున్న లెక్క ఏంటంటే, చివరి పది అంకెలు కలిసి పేరు కూడా ఆ మనిషిదే అనిపిస్తే కలుపుతా. పేరొక్కటే కలిస్తే కలపను, ముందు "శ్రీనివాస్ ప్లంబర్" అని పేరు మారుస్తా. ల్యాండ్‌లైన్ కలిస్తే అసలు నమ్మను, పెదనాన్నకీ పెద్దమ్మకీ ఇంటి నంబర్ ఒకటే ఉంటుంది, ఆఫీసులో పదిమందికీ ఒకటే ఉంటుంది, వాళ్లని కలిపేస్తే ఎలా.

కలిపాక ఆ కార్డు ఒకసారి తెరిచి చూడాలి. అదే నంబర్ రెండు రూపాల్లో ఉంటే +91 ఉన్నది ఉంచి సున్నాది తీసేయండి, అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఆ సున్నా నంబర్లతో వాట్సాప్‌లో ఎవరూ కనపడక తెగ తిప్పలు పడ్డాడు. పిన్ని కార్డుకి నేను పేరు "పద్మ పిన్ని గుంటూరు" అని పెట్టి, ఈమెయిల్ రెండో కార్డులోది తీసుకుని, వాడని పాత నంబర్‌ని పారేయకుండా నోట్స్‌లో "పాతది" అని రాసిపెట్టా, ఎప్పుడైనా ఆ నంబర్ నుంచి ఎవరైనా డబ్బులడిగితే అది ఆవిడ కాదని తెలుస్తుంది.

ఆ, ఇంకోటి. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి Payments & subscriptions లోకి వెళ్లి క్యాన్సిల్ చేయండి, యూపీఐతో కట్టుంటే ఆ యూపీఐ యాప్‌లో ఆటోపే ఇంకా నడుస్తోందేమో కూడా చూసుకోండి.