జీతం పెంపు లెటర్: ఏడేళ్లు, మూడు లోన్లు, నా అనుభవం

జీతం పెరిగినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని బ్యాంకులో పెట్టడం అనే పని నేను 2018 నుంచి మూడుసార్లు చేశాను. రెండుసార్లు బాగా పనికొచ్చింది, ఒకసారి పనికిరాలేదు. ఎందుకలా జరిగిందో వివరంగా రాస్తున్నాను.

మొదటిది హోమ్ లోన్. 2018 మే నెలలో ఉప్పల్ దగ్గర ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. అరవై రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మాకు 27 లక్షల లోన్ కావాలి. అదే నెలలో ఆఫీసులో నాకు ప్రమోషన్ వచ్చింది, జీతం ఏప్రిల్ 1 నుంచే పెరిగినట్టు చెప్పారు. కానీ పెరిగిన డబ్బు జూలై జీతంతోగానీ రాదన్నారు. బ్యాంకు అడిగేది మాత్రం చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంట్. వాటిలో ఉన్నదంతా పాత జీతమే.

తేడా ఎంతో చెప్తాను. అప్పుడు నా చేతికొచ్చేది 52,000. అన్ని ఈఎంఐలూ కలిపి చేతికొచ్చే జీతంలో సగం దాటకూడదని ఆ బ్యాంకు లెక్క. అంటే 26,000. అప్పటికే నాకు 6,000 ఈఎంఐ ఒకటి నడుస్తోంది, అది పోతే మిగిలేది 20,000. ఇరవై ఏళ్లకు 8.5 శాతం వడ్డీ అయితే లక్షకు నెలకు 868 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన వచ్చేది 23 లక్షలు. పెరిగిన జీతం 61,000 తీసుకుంటే ఈఎంఐకి 24,500 మిగులుతుంది, లోన్ 28 లక్షల దాకా వెళ్తుంది. అంటే నాలుగు లక్షల లోటు తీరడమంతా ఒక్క కాగితం మీద ఆధారపడింది. ఆ నెలంతా ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు.

మొదట హెచ్ఆర్‌కి ఒక్క లైన్ మెయిల్ పెట్టాను, "ఇంక్రిమెంట్ లెటర్ కావాలి మేడమ్, బ్యాంకు అడుగుతోంది" అని. సాయంత్రానికి పీడీఎఫ్ వచ్చింది. అందులో ఏడాది సీటీసీ 10.2 లక్షలు అని ఉంది. కింద, ఇది కంప్యూటర్‌లో తయారైంది, సంతకం అక్కర్లేదు అని ఉంది. సంతోషంగా ప్రింట్ తీసి బ్యాంకుకి పట్టుకెళ్లాను. లోన్ చూసే ఆఫీసర్ గారు పెన్నుతో ఆ అంకె చుట్టూ గీత గీసి, "ఇందులో నెలకి మీ చేతికి ఎంతొస్తుందో ఎక్కడుందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ 10.2 లక్షల్లో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంది, గ్రాట్యుటీ ఉంది, ఏడాది చివర పనితీరు చూసి ఇచ్చే లక్షా ఇరవై వేల బోనస్ కూడా ఉంది. వీటిని బ్యాంకు నెల జీతంగా చూడదు. పైగా సంతకం, ముద్ర లేని కాగితాన్ని ఫైల్లో పెట్టలేనన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు, అలాంటి పీడీఎఫ్ ఇంట్లో కూర్చుని ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

రెండోసారి పద్ధతి మార్చాను. లెటర్‌లో ఏముండాలో ఆఫీసర్ గారి దగ్గరే రాసుకుని, డ్రాఫ్ట్ నేనే తయారు చేసి హెచ్ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొత్తం చదివి, "లోన్ కోసమని లెటర్‌లో రాస్తే రేపు నువ్వు కట్టకపోతే కంపెనీ మీదికి వస్తారు కదమ్మా" అన్నారు. చాలా ఆఫీసుల్లో లెటర్ ఆగేది ఈ భయంతోనే. ఇవ్వకూడదని ఎవరికీ ఉండదు, సంతకం పెట్టాక ఏమవుతుందోనని ఆలోచిస్తారు. అందుకే చివర్లో ఒక వాక్యం చేర్చాం: ఇది ఉద్యోగి కోరిక మీద, సమాచారం కోసం ఇచ్చినది, ఏ అప్పుకీ కంపెనీ హామీ కాదు. ఆ ఒక్క వాక్యంతో ఆవిడ మనసు కుదుటపడింది. బ్యాంకు కూడా అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే వాళ్లకి కావలసింది హామీ కాదు, అంకె.

చివరికి వచ్చిన లెటర్ ఇలా ఉంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద తేదీ, నా పేరు, ఎంప్లాయీ నంబరు, ఎప్పటినుంచి పర్మనెంట్ ఉద్యోగినో. తర్వాత, జీతం 2018 ఏప్రిల్ 1 నుంచి సవరించామని, సవరించిన మొత్తం జూలై జీతంతో బకాయిలు కలిపి జమ అవుతుందని. దాని కింద చిన్న పట్టిక: బేసిక్, హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్ కలిపి నెలకు 69,000, పీఎఫ్, వృత్తి పన్ను 200, ఆదాయపు పన్ను పోగా చేతికి సుమారు 61,000. బోనస్ ప్రస్తావన విడిగా ఒక లైన్‌లో. సంతకం పెట్టినవారి పేరు, హోదా, ఆఫీసు ఫోను, కంపెనీ మెయిల్, ముద్ర.

జూలైలో జమ అవుతుందన్న ఆ వాక్యాన్ని మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. అసలు ఫైల్ కదిలింది దానివల్లే. అది లేకపోతే లెటర్‌లో 61,000, స్టేట్‌మెంట్‌లో 52,000 కనిపిస్తాయి, ఈ రెంటికీ పొత్తు కుదరడం లేదేమని అనుమానం వస్తుంది. నాలుగు రోజుల తర్వాత బ్యాంకు నుంచి హెచ్ఆర్‌కి ధ్రువీకరణ మెయిల్ వచ్చింది. ఆ సంగతి నేను మేడమ్‌కి ముందే చెప్పి ఉంచాను, లేకపోతే తెలియని మెయిల్ అని పక్కన పడేసేవారు. 27 లక్షలూ మంజూరయ్యాయి, రిజిస్ట్రేషన్ గడువు కన్నా తొమ్మిది రోజుల ముందు.

2022లో అదే లోన్ మీద టాప్ అప్‌కి వెళ్లినప్పుడు సమస్య తిరగబడింది. అప్పుడు పెరిగిన జీతం చేతికి వచ్చేసింది, కాని ఆ నెల స్లిప్పులో రెండు నెలల బకాయి కూడా కలిసి ఉంది. అంత పెద్ద మొత్తం చూసి, ఇది ఒక్క నెలకేనా అని ఆపేశారు. పాత డ్రాఫ్ట్‌లోనే అంకెలు మార్చి, ఇందులో బకాయి ఇంత, ఇక మీదట ప్రతి నెలా వచ్చేది ఇంత అని రాయించాను. రెండు రోజుల్లో పని అయిపోయింది.

మూడోది 2024లో కారు లోన్. ఈసారి లెటర్ చేతికొచ్చింది ఏప్రిల్‌లో, పెంపు అమల్లోకి వచ్చేది జూలై 1 నుంచి. సంతకం, ముద్ర, పట్టిక అన్నీ పక్కాగా ఉన్నాయి. అయినా బ్యాంకు ఒప్పుకోలేదు. రాబోయే జీతాన్ని లెక్కలోకి తీసుకోం, కొత్త జీతం ఒక్క నెల అకౌంట్‌లో పడాలి అన్నారు. వేరే బ్యాంకులో అడిగినా అదే మాట. ఇప్పటికే అమల్లోకి వచ్చి డబ్బు మాత్రం ఆలస్యమైన పెంపుకి ఈ లెటర్ పనిచేస్తుంది, ముందు ముందు వచ్చే పెంపుకి నా విషయంలో పని చేయలేదు. ఆగస్టులో జూలై స్లిప్పుతో వెళ్తే లెటర్ అడగకుండానే ఇచ్చేశారు.

పోయిన నెల మా తమ్ముడు ఇదే డ్రాఫ్ట్ అడిగి తీసుకున్నాడు. వాడిది చిన్న సంస్థ, జీతంలో సగం అకౌంట్‌లో, సగం చేతికి నగదుగా ఇస్తారు. యజమాని మంచివారు, మొత్తం జీతం రాసి సంతకం పెట్టిచ్చారు. బ్యాంకు మాత్రం అకౌంట్‌లో పడిన సగాన్నే లెక్కలోకి తీసుకుంది. వచ్చే నెల నుంచి మొత్తం అకౌంట్‌లోనే వేయమని వాడు అడిగాడు, ఆయన ఒప్పుకున్నారు. ఆరు నెలల స్టేట్‌మెంట్ తయారయ్యాక మళ్లీ వెళ్తాడు.