లాటు మెయిళ్లకు ఒక పేజీ చిట్టా: కొన్ని సీజన్లు వాడాక

రాయగడలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో మెయిళ్లు చూసేది నేనే. కొనే స్పిన్నింగ్ మిల్లు గుంటూరు వైపు, మధ్యలో బ్రోకరు, ఇక్కడ మా ఓనరుగారు. ఒక్క లాటు మీదే పదుల కొద్దీ మెయిళ్లు నడుస్తాయి. వాటన్నిటినీ 'తేలినవి, తేలనివి, ఎవరు చేయాలి' అని ఒక పేజీకి దించడం నాకు చాలాకాలంగా అలవాటు. నా మట్టుకు ఇది బాగా పనికొచ్చింది.

ఒక వంద బేళ్ల లాటు సంగతి చెబుతాను. తేమ 8 శాతం దాటితే దాటినంత తూకంలో కోస్తామని 10న కొనేవాళ్లు రాశారు. సరేనని మా ఓనరుగారు 11న జవాబిచ్చారు. అదేరోజు బ్రోకరు ఒకే మెయిల్లో రెండు సంగతులు పెట్టారు: లారీ సోమవారం బయల్దేరాలి, కిరాయి కొనేవాళ్లే భరించాలి. 12న వాళ్ల మేనేజరు గారి జవాబు: "ఓకే, సోమవారం పంపండి."

పైపైన చదివితే కిరాయి కూడా ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఓకే లారీ తేదీకే. అడిగిన మెయిలు, ఒప్పుకున్న మెయిలు రెండూ కనబడితేనే నేను 'తేలినవి'లో రాస్తాను, రెండింటి తేదీలతో సహా. అందుకే తేమ కోత, లారీ తేదీ అక్కడికి వెళ్లాయి. సోమవారం అని కాకుండా 15 అని రాశాను. కిరాయి 'తేలనివి'లోకి వెళ్లింది. దాని పక్కన 'కనుక్కోవాలి' అని వదిలేస్తే ఎవరూ కనుక్కోరు. 'బ్రోకరు గారు, 14 సాయంత్రం లోపు' అని రాసి అందరికీ పంపాను. లారీ కదిలేలోపే కిరాయి తేలింది.

అక్కడ పరీక్షలో తేమ 9 శాతం వచ్చింది. బేలు 170 కిలోలు, మొత్తం 17,000 కిలోలు. ఒక శాతం కోత అంటే ఒక బేలంత బరువు పోయినట్టే. అయినా పేచీ రాలేదు. రెండు తేదీలూ చిట్టాలోనే ఉన్నాయి కదా.

చదవడం పాత మెయిలు నుంచే మొదలుపెట్టాలి. జీమెయిల్‌లో మూడు చుక్కల వెనక దాగిన పాత పాఠం కూడా తెరవాలి, కొందరు జవాబును ఆ వరుసల మధ్యలోనే రాస్తారు. సబ్జెక్టు మార్చినా, మెయిళ్లు వంద దాటినా గొలుసు రెండుగా తెగుతుంది. అందుకని లాటు నంబరుతో వెతకడం మంచిది.

ధర బేరానికి మాత్రం ఈ చిట్టా దండగ. పూటపూటకీ రేటు మారేచోట ఆఖరి మెయిలు చూస్తే చాలు. అసలు చిక్కు ఫోన్లతో. తూకం ఎవరి వేబ్రిడ్జి మీద అన్నది చాలాసార్లు ఫోన్లోనే తేల్చేస్తారు, మెయిళ్లలో దాని జాడే ఉండదు. అలాంటప్పుడు 'ఫోన్లో అనుకున్నట్టు తూకం మీ దగ్గరే' అని ఒక్క లైను మెయిలు పెడతాను. అవునని జవాబు వచ్చేదాకా అది 'తేలనివి'లోనే ఉంటుంది.