ఇన్వాయిస్ ఫొటో అనువాదం: యాప్ బాగుంది, ఖాళీ గడులే భయం

పరాయి భాషలో వచ్చిన కొనుగోలు ఇన్వాయిసులను ఫొటో తీసి, చదవగలిగే భాషలోకి మార్చుకుని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించడం నా రోజువారీ పని. మాటలు మార్చే యాప్‌లు చాలా ఉన్నాయి, అందులో ఒకదానికీ ఇంకోదానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఈ యాప్‌ను మాత్రం చాలాకాలంగా వదలకుండా వాడుతున్నాను. కారణం ఒక్కటే, అమరికను అసలు కాగితంలో ఉన్నట్టే ఉంచే మోడ్. మామూలు మోడ్‌లో కోడ్, సరుకు పేరు, పరిమాణం, ధర అన్నీ కలిసి పేరాలా వచ్చేస్తాయి. ఏ అంకె దేనిదో వేలు పెట్టి వెతుక్కోవాలి. ఈ మోడ్‌లో ఎడమవైపు ఫొటో, కుడివైపు అదే ఆకారంలో అనువాదం పక్కపక్కనే వస్తాయి. దాన్ని అలాగే స్ప్రెడ్‌షీట్‌లోకి దింపుకోవచ్చు. మొదటిసారి చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

ఐటమ్ కోడ్‌ల విషయంలోనూ నాకు మంచి నమ్మకం కుదిరింది. కోడ్‌లో అర్థమున్న మాటలాంటిది ఏదైనా ఉంటే కొన్ని యాప్‌లు దాన్ని కూడా అనువదించేస్తాయి. ఇక ఆ కోడ్‌తో సరుకు దొరకదు. ఇందులో ఒక కాలమ్‌ను ఎంచుకుని దాన్ని అనువదించొద్దని చెప్పవచ్చు. అయితే అనువదించకపోవడం వేరు, సరిగ్గా చదవడం వేరు. సున్నాకీ ఇంగ్లిష్ O అక్షరానికీ, 8కీ B కీ మధ్య పొరపాటు ఈ సెట్టింగ్ పెట్టినా జరుగుతుంది. పదమూడు అంకెల బార్‌కోడ్ నంబర్ అయితే చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి వేసినదే కాబట్టి, ఒక అంకె తప్పు చదివినా లెక్కలో దొరికిపోతుంది. అమ్మేవాళ్లు సొంతంగా పెట్టుకునే కోడ్‌లకు చాలావరకు అలాంటి కాపలా ఉండదు. వాటిని మన పాత కోడ్‌ల జాబితాతో పోల్చుకోవాల్సిందే.

నేను అసలు చెప్పాలనుకున్నది డిస్కౌంట్ కాలమ్ గురించి. ఇంతగా మెచ్చుకున్న మోడ్ నన్ను టెన్షన్ పెట్టింది అక్కడే.

నాలుగు వరుసల చిన్న ఇన్వాయిస్ అది. గీతలు లేవు, కాలమ్‌ల మధ్య ఖాళీ జాగా మాత్రమే ఉంది. మొదటి వరుసలో 12 నగాలు, ఒక్కోటి 8.50, డిస్కౌంట్ లేదు, మొత్తం 102.00. రెండోది 6 నగాలు, ఒక్కోటి 15.00, డిస్కౌంట్ 10 శాతం, మొత్తం 81.00. మూడోది 20 నగాలు, ఒక్కోటి 3.25, డిస్కౌంట్ లేదు, మొత్తం 65.00. నాలుగోది 4 నగాలు, ఒక్కోటి 28.00, డిస్కౌంట్ 5 శాతం, మొత్తం 106.40. పన్నుకు ముందు మొత్తం 354.40. మూడో వరుసకు 10 శాతం పన్ను, మిగతా మూడింటికీ 20 శాతం. కింద పన్ను లైన్లు రెండు, 6.50, 57.88. కట్టాల్సింది 418.78.

అనువాదంలో ఈ మొత్తాలన్నీ అక్షరాలా సరిగ్గా వచ్చాయి. పన్ను లైన్లు కూడా వాటి రేట్ల పక్కనే ఉన్నాయి. కానీ 10 శాతం మొదటి వరుసలోకీ, 5 శాతం రెండో వరుసలోకీ ఎక్కి కూర్చున్నాయి. కింది రెండు వరుసల్లో డిస్కౌంట్ గడి ఖాళీ. బెంచీ మీద మధ్యలో ఒకరు లేస్తే మిగిలినవాళ్లు దగ్గరికి జరిగినట్టు, ఖాళీ గడులున్న చోట అంకెలు పైకి జరిగిపోయాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో ఫొటోలో అక్షరాలను గుర్తించే తీరు చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రామ్ ముందు అచ్చు ఉన్న చోటల్లా ఒక పెట్టె గీసుకుని, ఆ పెట్టె ఎక్కడుందో రాసుకుంటుంది. ఖాళీ గడిలో అచ్చు లేదు కాబట్టి దానికి పెట్టే ఉండదు. ఆ తర్వాత ఏ పెట్టె ఏ వరుసదో ఎత్తును బట్టి కలుపుకోవాలి. కాగితం వంకరగా ఉంటే ఆ ఎత్తులే తప్పుతాయి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. రెండు డిగ్రీల వంపుకే ఒక అంచు రెండో అంచు కన్నా ఏడు మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. దగ్గరదగ్గరగా అచ్చేసిన ఇన్వాయిస్‌లో వరుసకీ వరుసకీ మధ్య దూరం అంతకంటే తక్కువే. యాప్ వంపును సరిచేస్తుంది గానీ, మడత వల్ల కాగితం ఒకవైపే లేచి ఉంటే మొత్తాన్ని తిప్పి ప్రయోజనం లేదు. నా కాగితం మడత సరిగ్గా డిస్కౌంట్ కాలమ్ మీదుగానే ఉంది.

దీన్ని పట్టుకోవడం ఎంత కష్టమో చెప్తాను. మొత్తాలు కూడితే 354.40 వస్తుంది, ఇన్వాయిస్‌తో సరిపోతుంది. పన్నూ సరిపోతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఒకవేళ జరిగిపోయిన డిస్కౌంట్లతో ప్రతి వరుసనూ మళ్లీ లెక్కగట్టి కూడినా 354.30 వస్తుంది. తేడా 0.10 మాత్రమే. పన్నును వరుసకోసారి రౌండ్ చేయడానికీ, చివర్లో ఒకేసారి రౌండ్ చేయడానికీ మధ్య చిల్లరలో కాస్త తేడా రావడం మామూలే కాబట్టి, దీన్ని కూడా అలాంటిదే అనుకుని వదిలేయడం ఎవరికైనా తేలిక. లోపల మాత్రం మొదటి సరుకు నగం 8.50 కాకుండా 7.65కే కొన్నట్టు రిజిస్టర్‌లో పడుతుంది. అమ్మకం ధర దాని మీదే వేస్తే ఆ సరుకు మీద వచ్చే లాభం అంతా తప్పుడు లెక్కే.

నా షీట్‌లో వరుసవారీ సరిచూపు ఉంది కాబట్టి దొరికింది. సి లో పరిమాణం, డి లో ధర, ఇ లో డిస్కౌంట్ శాతం, ఎఫ్ లో మొత్తం ఉంటే, పక్క గడిలో ఇది పెడితే చాలు:

```
=ROUND(C2*D2*(1-E2/100),2)-F2
```

అన్ని వరుసల్లోనూ సున్నా రావాలి. ఆ రోజు మొదటి వరుసలో -10.20, రెండో దాంట్లో 4.50, నాలుగో దాంట్లో 5.60 వచ్చాయి. మూడో వరుస ఒక్కటే సున్నా. పక్కపక్క వరుసల్లో ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ కనిపిస్తే అంకె తప్పు చదివి ఉండకపోవచ్చు, కాలమ్ జరిగి ఉండొచ్చు. అంకె ఒక్కటే తప్పు చదివితే సాధారణంగా ఆ ఒక్క వరుసలోనే తేడా కనిపిస్తుంది.

అప్పటినుంచి కాగితాన్ని బల్ల మీద పరిచి, మడత మీద బరువు పెట్టి, నేరుగా పైనుంచి ఫొటో తీస్తున్నాను. జరుగుడు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఖాళీ గడులు ఎక్కువున్న ఇన్వాయిస్ అయితే ఫొటో తీసే ముందు పెన్సిల్‌తో ఆ గడుల్లో చిన్న సున్నా రాస్తాను. యాప్‌కు పట్టుకోవడానికి అక్కడ ఒక పెట్టె దొరుకుతుంది. ఇది మొరటు పద్ధతే, అసలు కాగితం మీద రాయకూడని చోట జిరాక్స్ మీద రాయాలి. ఖాళీ గడిని ఖాళీగా గుర్తించే పని యాప్ తయారుచేసినవాళ్లు ఎప్పుడో చేసి ఉండాల్సింది. ఈ ఫిర్యాదు నాకు ఇప్పటికీ ఉంది.

నాకు వచ్చేవి అచ్చు ఇన్వాయిసులు, ఎక్కువగా ఒక పేజీవి, సరుకుల సంఖ్య తక్కువ. ఆ మేరకు యాప్ నాకు గంటల పని తగ్గించింది, కొనసాగిస్తాను. చేత్తో రాసిన బిల్లులకూ, డిస్కౌంట్ అక్కడక్కడా మాత్రమే ఉండే పొడవాటి బిల్లులకూ దీన్ని తీసుకోమని ఎవరికీ చెప్పలేను. వరుసవారీ సరిచూపు పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లయితే ముందు తమ దగ్గరున్న వాటిలో ఖాళీ గడులు ఎక్కువున్న ఇన్వాయిస్ ఒకటి ఇచ్చి చూసి, అప్పుడు డబ్బు కట్టడం మంచిది.