ఆర్జిత సెలవులు: నిల్వ ఉంచుకోవాలా, నగదుగా తీసుకోవాలా?

అనంతపురం యూనిట్ సిబ్బందికి నమస్కారం.

సవరించిన సెలవు నిబంధనలు వచ్చే జనవరి 1 నుంచి అమల్లోకి వస్తాయి. డిసెంబరు 31 నాటికి మీ ఖాతాలో మిగిలే ఆర్జిత సెలవుల విషయంలో రెండు మార్గాలున్నాయి. మొదటి మార్గంలో 30 రోజుల వరకు నిల్వ ఉంచుకుని, ఆపై రోజులకు నగదు తీసుకోవచ్చు. రెండో మార్గంలో 15 రోజులు మాత్రమే ఉంచుకుని, మిగిలినవన్నీ నగదుగా మార్చుకోవచ్చు.

ఉదాహరణకు 36 రోజుల సెలవు, మూలవేతనం, కరువు భత్యం కలిపి రోజుకు 600 రూపాయలు ఉన్న ఉద్యోగికి మొదటి మార్గంలో 3,600 రూపాయలు, రెండో మార్గంలో 12,600 రూపాయలు వస్తాయి. చేతికి వచ్చే మొత్తం ఎక్కువే అయినా, ఉద్యోగంలో ఉండగా తీసుకునే ఈ సొమ్ము జీతంలో కలిసి ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. నిల్వ ఉంచిన రోజులకైతే, వాడుకున్నప్పుడు అప్పటి జీతమే అందుతుంది కనుక, జీతం పెరిగితే వాటి విలువా పెరుగుతుంది.

తల్లిదండ్రుల ఆపరేషన్ కోసం కర్నూలు ఆసుపత్రిలో మూడు వారాలు ఉండవలసివస్తే 15 రోజుల నిల్వ చాలదు. అందుకే ఇంట్లో పెద్దవారున్న వారికి మొదటి మార్గమే మేలని నా అభిప్రాయం. వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చవలసినవారికి రెండోది ఉపయోగపడుతుంది.

మీరు అడిగినా పని ఒత్తిడి వల్ల మేము మంజూరు చేయలేకపోయిన సెలవుకు ఈ పరిమితులు వర్తించవు. తిరస్కరించిన దరఖాస్తు ప్రతిని జతచేయండి. డిసెంబరు 20లోగా ఎంపిక తెలపనివారికి మొదటి మార్గమే వర్తిస్తుంది.

ఇట్లు,
మానవ వనరుల మేనేజర్