అడ్డు లేని కప్లింగ్: రెండు ఎండాకాలాలు గడిచాక

పగిలిన నీళ్ళ పైపుని స్లిప్ కప్లింగ్‌తో, అంటే లోపల అడ్డు లేని అతుకు గొట్టంతో, బాగుచేసుకున్న సంగతి ఇది. ముందే చెప్తున్నా, నేను ప్లంబర్ని కాదు, గుంటూర్లో డాబా మీద ఒక పోర్షన్ ఉన్న పాత ఇల్లు మాది, బోరు నుంచి పైన ట్యాంకుకి వెళ్ళే ఒక ఇంచి యూపీవీసీ లైను పడమటి గోడ మీద బయటే ఉంటుంది. 2022 మే నెల, రోహిణి కార్తె, పొద్దున్నే మోటర్ వేశానో లేదో కింద పోర్షన్ పిన్నిగారు "బాబూ గోడంతా నీళ్ళు, తొందరగా ఆపు" అని అరుపు. పైపు నిలువుగా చీలింది, దాదాపు 7 సెంటీమీటర్లు. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, మా పైపు కూడా పగిలింది. ఎండకి ఏళ్ళ తరబడి మాడి పెళుసెక్కిన ప్లాస్టిక్కుకి రోజూ మోటర్ స్టార్టు అయినప్పుడల్లా తగిలే దెబ్బ తోడైంది, అంతే.

మొదట అందరూ చేసే పనే చేశా, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ తెచ్చా. తడి పైపు మీదే అద్దేశా, మోటర్ వేయగానే అట్టులా ఊడొచ్చింది. రెండోసారి బుద్ధిగా గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక పూటంతా ఆరనిచ్చి, చీలికకి రెండు వైపులా బాగా వెడల్పుగా చుట్టి, మళ్ళీ 24 గంటలు ఆగి మోటర్ వేశా. 9 రోజులు నిలిచింది. 10వ రోజు పుట్టీ అంచు దగ్గర వెంట్రుకంత గీత, అక్కడి నుంచి చెమట పట్టినట్టు నీళ్ళు. పుట్టీ రాయిలా గట్టిపడుతుంది, కానీ ప్రెజర్ వచ్చినప్పుడల్లా చీలిక పెదాలు కాస్త తెరుచుకుని మూసుకుంటాయి, ఆ కదలికకి రాయి తట్టుకోదు. సూది బెజ్జం లాంటి చిన్న కన్నానికైతే పనికొస్తుందేమో, పొడుగు చీలికకి మాత్రం నేనిక దాని జోలికి పోను.

తర్వాత క్లాంపు. లోపల రబ్బరు షీటు, పైన స్టీలు రేకు, పక్కన బోల్టులు ఉండే రకం. 15 సెంటీమీటర్ల పొడుగుది తీసుకున్నా, చీలికకి అటూ ఇటూ 4 సెంటీమీటర్ల చొప్పున మంచి పైపు పట్టేలా. పావుగంటలో బిగించా, ఒక్క చుక్క లేదు. ఆ రోజు నేను మా బావగారికి ఫోన్ చేసి మరీ "జన్మకి సరిపోయే రిపేరు బావా" అని కోసిన కోతలు ఇప్పటికీ ఇంట్లో గుర్తు చేస్తుంటారు. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, 14 నెలలు నిలిచింది మరి. కానీ నేను రెండు తప్పులు చేశా. చీలిక రెండు కొసల దగ్గరా చిన్న డ్రిల్ బిట్టుతో కన్నం పెట్టి ఉంటే చీలిక అక్కడితో ఆగేది, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. రెండోది, భయంతో బోల్టులు మరీ బిగించేశా, ప్లాస్టిక్ పైపు కొంచెం నలిగింది. 2023 జూలైలో క్లాంపు కింద అంచు నుంచి గోడ మీద పచ్చగా పాచి గీత కనపడింది. విప్పి చూస్తే చీలిక కిందకి పాకి క్లాంపు దాటి 2 సెంటీమీటర్లు బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా పైపు పైన సన్‌షేడ్‌లో, కింద గచ్చులో బిగిసిపోయి ఉంది, అటూ ఇటూ ఒక్క మిల్లీమీటరు కూడా కదలదు. మామూలు కప్లింగ్ లోపల మధ్యలో ఒక అడ్డు ఉంటుంది, పైపు అక్కడికి వచ్చి ఆగుతుంది. అలాంటిది వేయాలంటే పైపుని పైకి లాగి మళ్ళీ కిందకి దించాలి, అంటే గోడో గచ్చో పగలగొట్టాలి. స్లిప్ కప్లింగ్‌కి ఆ అడ్డు ఉండదు. పైపు మీద పూర్తిగా జరిపేసుకుని, ముక్క పెట్టాక వెనక్కి జరిపి అతుకు మీదకి తేవచ్చు. ఇంత చిన్న తేడా ఇంత పని చేస్తుందని నాకు చేతిలో పట్టుకునేదాకా అర్థం కాలేదు.

దొరకడమే కష్టమైంది. మొదటి షాపతను "ఒక ఇంచే కదండీ" అని ఇచ్చింది ఇంటికి తెచ్చి చూస్తే ఎక్కదు. ఇళ్ళల్లో వాడే ఒక ఇంచి యూపీవీసీ బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు, పొలాలకి వాడే పైపు 32, ఆ తేడా 1.4 దగ్గర నా సగం రోజు పోయింది. రెండోసారి కోసిన పైపు ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళా. ఇంకో షాపులో మామూలు కప్లింగ్ అడ్డుని ఆకురాయితో అరగదీసి ఇస్తానన్నాడు, కానీ మామూలు దాని లోపలి కన్నం మధ్యకి వచ్చేకొద్దీ సన్నబడుతుంది, అడ్డు తీసినా సాఫీగా జరగదు, వద్దన్నా. మూడో షాపులో అసలైనవి రెండు దొరికాయి, ఒక్కోటి 8 సెంటీమీటర్లు.

చీలిక కనపడినంత మేరే కోస్తే సరిపోదు, కంటికి కనపడని గీత ఇంకా ముందుకి ఉంటుంది, అందుకే అటూ ఇటూ 10 సెంటీమీటర్ల చొప్పున వదిలి మొత్తం 33 సెంటీమీటర్ల దాకా కోశా. దానివల్ల ఇంకో లాభం, కొత్త ముక్క మీద రెండు కప్లింగులూ మధ్యలో ఆగడానికి జాగా దొరికింది, లేకపోతే గమ్ రాయడానికి కొసలు ఖాళీగా ఉండవు. కొత్త ముక్క 3 మిల్లీమీటర్లు పొట్టిగా కోస్తే చాలు, సర్దుకుంటుంది.

ఇక్కడే బోల్తా పడ్డా. అడ్డు లేదు కాబట్టి కప్లింగ్ ఎక్కడ ఆపాలో మనమే చూసుకోవాలి. అతుకు నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టా, సాల్వెంట్ గమ్ రాయగానే గీత కరిగి మాయమైంది. మధ్యాహ్నం 12 గంటల ఎండ వేరే, ఆ వేడికి గమ్ నిమిషం కూడా ఆగదు. కంగారులో తోశా, ఆగాల్సిన చోటు దాటింది, వెనక్కి లాగుదామంటే అప్పటికే పట్టేసింది. ఒక వైపు 7 సెంటీమీటర్లు ఎక్కింది, రెండో వైపు ఒకటే. ఎట్లాగూ గమ్ ఉంది కదా అని వదిలేశా, మర్నాడు మోటర్ వేస్తే ఆ ఒక్క సెంటీమీటరు దగ్గర సన్నటి పిచికారి. రెండు కప్లింగులూ, 300 రూపాయలు, ఒక ఆదివారం పోయినట్టే.

రెండో ఆదివారం పొద్దున 6 గంటలకి, గీత బదులు ఇన్సులేషన్ టేపు చుట్టి, ఈసారి మళ్ళీ రెండు కప్లింగులు తెచ్చి, ఇంకాస్త పొడుగు ముక్క పెట్టి చేశా. ముందు పైపులో మిగిలిన నీళ్ళు పూర్తిగా దిగనిచ్చా, కొసలు పొడిగా తుడిచా. కొస మీద గమ్, జరుపుతూ కొంచెం మెలిపెట్టడం, అర నిమిషం కదలకుండా పట్టుకోవడం, ఒకటి అయ్యాక రెండోది. 24 గంటలు మోటర్ ముట్టుకోలేదు, బకెట్లతో సరిపెట్టుకున్నాం, మా ఆవిడ మాటలు ఇక్కడ రాయను.

2024, 2025 రెండు ఎండాకాలాలు దాటాయి, చెమట కూడా పట్టలేదు. అయితే ఆ కప్లింగు ఒక్కదాని గొప్పే అనను, అదే నెలలో మోటర్ దగ్గర కొట్టుకునే వాల్వు మార్పించా, లైనుకి తెల్ల రంగు వేయించా, వాటి వాటా ఎంతో నాకు తెలీదు. మాది 9, 10 మీటర్ల ఎత్తు నీళ్ళు మోసే లైను, అంటే దాదాపు ఒక కేజీ ప్రెజరు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకో, గీజర్ వేడి నీళ్ళ లైనుకో ఇదే మాట చెప్పలేను. ఒకసారి అతికితే మళ్ళీ విప్పడం ఉండదు, చెడితే కోయడమే.

పాత క్లాంపు పారేయలేదు. పోయిన నెల బావగారింట్లో పైపు పగిలితే అదే తీసుకెళ్ళి బిగించొచ్చా, ఈసారి చీలిక కొసల్లో కన్నాలు పెట్టి, బోల్టులు తగినంతే తిప్పి. "జన్మకి సరిపోతుందా?" అని అడిగాడు. షాపు తెరిచేదాకా అన్నా.